శనివారం నైట్ షిఫ్ట్ ఆదివారం పొద్దున ముగిస్తే, ఆ గంటలు టైమ్‌షీట్‌లో ఏ వారంలోకి వస్తాయి?

షిఫ్ట్ మొదలైన శనివారానికే, అంటే ఆ వారంలోకే వస్తాయి. అర్ధరాత్రి దాటి చేసిన పనిని ముందు రోజు పనిగానే లెక్కించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనూ, 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లోనూ ఉంది. లేదంటే ఒకే షిఫ్ట్ రెండు ముక్కలై, ఓవర్‌టైమ్ కంటికి కనబడకుండా పోతుంది.

వరంగల్ నూలు మిల్లులో ఒక కార్మికుడికి సోమవారం నుంచి శనివారం దాకా రాత్రి 10 నుంచి 6.30 వరకు డ్యూటీ అనుకుందాం. అరగంట విరామం తీసేస్తే రోజుకు 8 గంటలు. శనివారం షిఫ్ట్ ముగిసే వేళకు బదులు మనిషి రాక ఆదివారం పొద్దున 10.30 దాకా ఆగాడు, అంటే 12 గంటలు. వారానికి మొత్తం 52. 48 దాటిన 4 గంటలకు రెట్టింపు కూలీ. మూల వేతనం, కరువు భత్యం కలిపి గంటకు రూ. 80 అయితే 48 గంటలకు రూ. 3,840, ఓవర్‌టైమ్‌కు రూ. 640, మొత్తం రూ. 4,480 రావాలి.

షీట్ అర్ధరాత్రి దగ్గర రోజును తెంచితే సోమవారం 2 గంటలు, మిగతా ఐదు రోజులు ఎనిమిదేసి చొప్పున 42 గంటలే కనిపిస్తాయి. ఆదివారం 10 గంటలు పై వారానికి జారిపోతాయి. సోమవారం గడిలో 2 కనబడిందంటే షీట్ ఇలా తెంచినట్టే.

చాలామంది పొరపడేది మరోచోట: 52 గంటలకూ రూ. 80 వేసి, దానిపై రూ. 640 కలిపి రూ. 4,800 రావాలంటారు. అప్పుడు ఆ 4 గంటలకు మూడింతలు పడుతుంది.