పడుకున్న గంటకే గుండెదడతో లేస్తున్నాను

‘నాకు 36 ఏళ్లు. నెలన్నరగా వారానికి రెండుమూడుసార్లు, పడుకున్న గంట గంటన్నరకే ఉలిక్కిపడి లేస్తున్నాను. గుండె దడ, ఊపిరి అందదు, వేళ్లు తిమ్మిర్లు. చచ్చిపోతానేమో అనిపిస్తుంది. కల ఏదీ గుర్తుండదు. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ అన్నీ నార్మల్. పడుకోవాలంటేనే భయంగా ఉంది. ఏం చేయాలి?’
– ఓ సోదరి, వరంగల్

అమ్మా, ముందుగా ఆ పరీక్షలు చేయించుకుని మంచిపని చేశారు. మీరు చెప్పినవి నిద్రలో వచ్చే పానిక్ అటాక్ లక్షణాలే. పీడకలలు ఎక్కువగా తెల్లవారుజామున వస్తాయి, కథ గుర్తుంటుంది. ఇది మాత్రం కలలు లేని నిద్రలో, తేలిక నిద్ర గాఢనిద్రలోకి జారే వేళ వస్తుంది. అప్పుడు శ్వాసలో, గుండె వేగంలో సహజంగానే కొద్దిపాటి మార్పులుంటాయి. కొందరి శరీరం వాటినే ప్రమాదమనుకుని లేపేస్తుంది.

వేళ్ల తిమ్మిర్లకు కారణం ఊపిరి తక్కువై కాదు, ఎక్కువై. గబగబా పీలుస్తుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. దాంతో తిమ్మిరి, తల తేలిపోవడం, ఇంకా గాలి చాలడం లేదన్న భావన. అందుకని ఇంకా గట్టిగా పీలుస్తారు. మీరు ఆపాల్సింది దీన్నే.

ఈసారి మెలకువ రాగానే లేచి కూర్చుని పాదాలు నేలకు ఆనించండి. గాలి పీల్చకండి, ముందు వదలండి. తర్వాత ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ మెల్లగా పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. కవర్లో ఊపిరి పీల్చడం వంటివి వద్దు. నాడి పట్టి చూసుకోవడం, ఫోన్లో లక్షణాలు వెతకడం కూడా వద్దు, భయానికి అవే మేత. ‘ఇది వచ్చింది, పది నిమిషాల్లోపే పతాకస్థాయికి చేరి దిగిపోతుంది’ అని పైకే అనుకోండి. మీ వారు ‘ఏమైంది, ఏమైంది’ అని అడగకుండా, పక్కన కూర్చుని మీతోపాటు అంకెలు లెక్కపెడితే చాలు. తగ్గాక నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లకండి. మసక వెలుతురులో కాసేపు కూర్చుని, మగత వచ్చాకే వెళ్లండి.

అయితే, భయంతో పడుకోవడం వాయిదా వేస్తున్నారేమో చూసుకోండి. నిద్ర తగ్గేకొద్దీ ఇవి పెరుగుతాయి. రోజూ ఒకే వేళకు పడుకోండి. మధ్యాహ్నం తర్వాత టీ, కాఫీ మానండి. గురక ఎక్కువగా ఉందా, నిద్రలో ఊపిరి ఆగుతోందా అని మీ వారిని గమనించమనండి. ఉంటే స్లీప్ ఆప్నియా పరీక్ష అవసరం. రాత్రి పుల్లటి తేన్పులు, గుండెల్లో మంట ఉన్నా డాక్టరుకు చెప్పండి.

ఛాతీలో బరువు, నొప్పి చేతికో దవడకో పాకడం, స్పృహ తప్పడం జరిగితే మాత్రం ‘పానిక్ అటాకే’ అని ఊరుకోకుండా 108కి ఫోన్ చేయండి.

నెలన్నర ఆగారు, ఇక ఆగకండి. సైకియాట్రిస్టును లేదా క్లినికల్ సైకాలజిస్టును కలవండి. దీనికి సీబీటీ అనే మాటల చికిత్స బాగా పనిచేస్తుంది, అవసరమైతే మందులూ ఉన్నాయి. అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.