‘చెప్పండి’లోని ‘అండి’ ఇంగ్లీషులో ఎక్కడుంటుంది?

సందేహం: విశాఖపట్నంలో అమెరికా కస్టమర్లతో మాట్లాడే కాల్ సెంటర్ ఉద్యోగంలో ఈమధ్యే చేరాను. తెలుగులో పెద్దవాళ్లతో ఎంత మర్యాదగా మాట్లాడతానో ఇంగ్లీషులోనూ అంతే మర్యాదగా, ‘ప్లీజ్’, ‘సర్’ వదలకుండా మాట్లాడుతున్నాను. అయినా కోపంగా ఉన్న కస్టమర్లు ఇంకా మండిపడుతున్నారు. నా మాట కటువుగా ఉందని క్వాలిటీ విభాగంవారు మార్కులు తగ్గించారు. లోపం ఎక్కడుంది?

సమాధానం: మీ మనసులోని మర్యాద తెలుగులో క్రియాపదం చివర ఉంటుంది. ‘చెప్పు’ అంటే ఆజ్ఞ. దానికి ‘అండి’ చేరి ‘చెప్పండి’ కాగానే అది ఎదుటివారికి మనమిచ్చే గౌరవం అవుతుంది. పేరు పక్కన ‘గారు’, సర్వనామంలో ‘మీరు’ కూడా ఇదే పని చేస్తాయి. ఇంగ్లీషు క్రియకు అలాంటి ప్రత్యయం లేదు. మన ‘నువ్వు’, ‘మీరు’ భేదం వంటిది ఒకప్పుడు ‘దౌ’, ‘యూ’ అనే రూపాల్లో ఆ భాషలోనూ ఉండేది కాని, 17వ శతాబ్దంలో ‘దౌ’ నిత్యవ్యవహారం నుంచి తప్పుకుంటూ వచ్చి, అందరికీ ‘యూ’ ఒక్కటే మిగిలింది. అందువల్ల మీరు ‘చెప్పండి’ అనుకుంటూ ‘టెల్ మీ’ అన్నప్పుడు ‘అండి’ మీ మనసులోనే ఉండిపోయి, కస్టమర్ చెవికి ‘చెప్పు’ మాత్రమే చేరుతోంది. ముందు ‘ప్లీజ్’ చేర్చినా వాక్యం ఆజ్ఞగానే ఉంటుంది. అసలే చిరాకుతో ఉన్నవారికి ఆ ‘ప్లీజ్’ ఓపిక నశించినవారి మాటలా కూడా వినిపించవచ్చు. ‘సర్’ సంగతీ అంతే. తెలుగులో ప్రతి వాక్యానికీ ‘అండి’ వచ్చినా ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. అమెరికాలో ప్రతి వాక్యానికీ ‘సర్’ వస్తే మాత్రం కంఠస్థం చేసిన పాఠంలా వినిపిస్తుంది.

ఇంగ్లీషులో ఆ మర్యాద వాక్యం ఆకృతిలోకి, అంటే ప్రశ్నార్థకంలోకి, ‘కుడ్’, ‘వుడ్’, ‘మే’ వంటి సహాయక క్రియల్లోకి చేరుతుంది. ‘కుడ్ యూ టెల్ మీ వాట్ హ్యాపెండ్?’ అన్నది మన ‘ఏం జరిగిందో కొంచెం చెబుతారా?’ అన్నదానికి సరైన జోడీ. బడిలో ‘కుడ్’ను ‘కెన్’కు భూతకాల రూపంగా నేర్చుకున్నందువల్ల చాలామంది దాన్ని వర్తమానంలో వాడడానికి జంకుతారు. ఇక్కడ ఆ రూపం కాలాన్ని సూచించదు, వక్తకూ శ్రోతకూ మధ్య గౌరవంతో కూడిన దూరాన్ని సూచిస్తుంది. అయితే కస్టమర్ అప్పటికే జరిగినదంతా చెప్పి ఉంటే ఈ ప్రశ్న అడగకూడదు. మళ్లీ మొదటినుంచి చెప్పమనడం కంటే ఎక్కువ కోపం తెప్పించేది మరొకటి లేదు.

రెండో చిక్కు కర్త విషయంలో వస్తుంది. ‘అడ్రస్ పూర్తిగా ఇవ్వలేదండి’ అనే తెలుగు వాక్యంలో ఇవ్వనిది ఎవరో చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు వాక్యం కర్త లేకుండా నిలబడదు కాబట్టి, ఆ ఖాళీలో ‘యూ’ను పెట్టి ‘యూ డిడ్ నాట్ గివ్ ద ఫుల్ అడ్రస్’ అంటాం. తెలుగులో లేని నింద అక్కడ పుట్టుకొస్తుంది. అటువంటిచోట వస్తువునే కర్తగా పెట్టి, ‘ద అపార్ట్‌మెంట్ నంబర్ ఈజ్ మిస్సింగ్ ఫ్రమ్ ద ఆర్డర్’ అనాలి. అదే తప్పు కంపెనీదైతే మాత్రం ఈ ఉపాయం పనికిరాదు. అప్పుడు ‘దేర్ వజ్ యాన్ ఎర్రర్’ అని కర్తను దాచడం తప్పించుకోవడంలా ఉంటుంది. ‘వుయ్ సెంట్ ద రాంగ్ సైజ్, అండ్ ఐ యామ్ సారీ అబౌట్ దట్’ అని, జరిగిన తప్పునే పేరుపెట్టి చెప్పి క్షమాపణ కోరాలి. ‘సారీ ఫర్ ద ఇన్‌కన్వీనియెన్స్’ అనేది ఏ తప్పుకైనా అతికే మాట కాబట్టి ఏ ఒక్క తప్పుకూ గట్టిగా అతకదు.

ఒక సందర్భాన్ని పూర్తిగా చూద్దాం. ఒకే ఆర్డరుకు తన కార్డు మీద 64 డాలర్లు రెండుసార్లు కనిపిస్తున్నాయని, తన డబ్బు దోచుకున్నారని కస్టమర్ అరుస్తున్నాడనుకోండి. తెలుగులో ఆలోచించే ఉద్యోగి ‘సర్, ప్లీజ్ కామ్ డౌన్. వన్ ఈజ్ పెండింగ్ ఓన్లీ. ఇట్ విల్ గో. డోంట్ వర్రీ’ అంటాడు. దీని అడుగున ఉన్న తెలుగు ఎంతో సౌమ్యమైనది: ‘శాంతించండి, ఒకటి పెండింగే, అదే పోతుంది, కంగారు పడకండి.’ కాని ‘కామ్ డౌన్’ అనే మాట కోపం అనవసరమని తీర్పు చెబుతుంది. మన ‘ఏ’కారానికి బదులుగా వచ్చిన ‘ఓన్లీ’ ఆ డబ్బును చిన్నదిగా చేస్తుంది. ఇక ‘ఇట్ విల్ గో’ అన్నప్పుడు ఏది, ఎప్పుడు, ఎక్కడికి పోతుందో కస్టమరుకు అంతుపట్టదు.

ముందుగా ఆయనను చివరిదాకా చెప్పనివ్వాలి. తర్వాత ‘యూ ఆర్ సీయింగ్ టూ చార్జెస్ ఫర్ వన్ ఆర్డర్. ఐ కెన్ సీ వై దట్ ఈజ్ అప్‌సెట్టింగ్’ అనాలి. సంగతి పేరెత్తకుండా ‘ఐ అండర్‌స్టాండ్’ అంటే వట్టి మాటగా మిగులుతుంది. ‘నాకు అర్థమవుతోంది’కి అనువాదంగా ‘ఐ యామ్ అండర్‌స్టాండింగ్’ అనడం అసలే కుదరదు, ఆ క్రియ ఈ అర్థంలో మామూలుగా ‘ఇంగ్’ రూపం తీసుకోదు. లైను ఆపవలసి వస్తే ‘ప్లీజ్ హోల్డ్’ అని వెళ్లిపోకుండా, ‘మే ఐ ప్లేస్ యూ ఆన్ హోల్డ్ ఫర్ టూ మినిట్స్ వైల్ ఐ చెక్ బోత్ చార్జెస్?’ అని కారణమూ వ్యవధీ చెప్పి అడగాలి, ‘యెస్’ అనేదాకా ఆగాలి. తిరిగి రాగానే ‘థాంక్యూ ఫర్ హోల్డింగ్’ అనాలి. రికార్డులో ఒకటే చెల్లింపు జరిగి, రెండోది కార్డు అనుమతి దశలోనే ఆగిందని తేలితే, ‘ఓన్లీ వన్ పేమెంట్ హాజ్ గాన్ త్రూ. ద సెకండ్ వన్ ఈజ్ పెండింగ్, అండ్ వుయ్ హ్యావ్ నాట్ కలెక్టెడ్ ఇట్. యువర్ బ్యాంక్ కెన్ టెల్ యూ వెన్ ఇట్ విల్ డ్రాప్ ఆఫ్’ అని చెప్పవచ్చు. ఇక్కడ ‘ఓన్లీ’ తాను పరిమితం చేసే మాటకు ముందే ఉన్నందువల్ల అర్థం స్పష్టంగా ఉంది. బ్యాంకు చేతిలో ఉన్న గడువును మీరు హామీ ఇవ్వకూడదు.

వివరించాక తెలుగువారి నోట సహజంగా వచ్చే ప్రశ్న ‘అర్థమైందా అండీ?’ దాన్ని ‘డిడ్ యూ అండర్‌స్టాండ్?’ అని మారిస్తే కస్టమరుకు పరీక్ష పెట్టినట్టుంటుంది. ‘హ్యావ్ ఐ ఎక్స్‌ప్లెయిన్డ్ దట్ క్లియర్లీ?’ అంటే భారం మీ మీదికి వస్తుంది. ‘ఎనీ డౌట్స్?’ అని కూడా అడగవద్దు. మన ‘సందేహం’లో తెలుసుకోవాలన్న కోరిక ఉంది, వారి ‘డౌట్’లో అపనమ్మకం ఉంది. అక్కడ ‘క్వశ్చన్స్’ అనాలి. ఇక ‘చూస్తానండి’ అనే మన మాట, పని కావచ్చు కాకపోవచ్చు అని మృదువుగా చెబుతుంది. ‘ఐ విల్ సీ’ అంటే అమెరికన్‌కు దాటవేతగా తోస్తుంది. చేయగలిగిన పనినే, గడువుతో సహా చెప్పండి: ‘ఐ విల్ ఈమెయిల్ యూ ద పేమెంట్ రికార్డ్ బై ఫైవ్ పీఎమ్ ఈస్టర్న్ టైమ్.’

పేరుతో పిలవడంలో ఒక జాగ్రత్త చెప్పాలి. ‘జాన్ గారు’ అనే ఉద్దేశంతో ‘మిస్టర్ జాన్’ అంటారు మనవాళ్లు. మన ఇంటిపేరు ముందుంటుంది, ‘గారు’ వ్యక్తి పేరుకు చేరుతుంది; అమెరికన్ల ఇంటిపేరు సాధారణంగా చివర ఉంటుంది, ‘మిస్టర్’ దానికే చేరుతుంది. కనుక జాన్ మిల్లర్ అనే ఆయనను ‘మిస్టర్ మిల్లర్’ అనాలి. స్త్రీల విషయంలో వివాహంతో నిమిత్తం లేని ‘మిజ్’ అనడం క్షేమం. ఏది ఇంటిపేరో తేలకపోతే ‘హౌ వుడ్ యూ లైక్ మీ టు అడ్రెస్ యూ?’ అని పలకరింపులోనే అడగవచ్చు.