రెండేళ్ల పాప కంచం: యాప్ చెప్పే 500 కేలరీలు నిజమేనా?

ప్రశ్న: మా పాపకు రెండేళ్లు, బరువు 11 కిలోలు. మధ్యాహ్నం మెత్తటి అన్నం 90 గ్రాములు, ముద్దపప్పు 50 గ్రాములు, బీరకాయ కూర 30 గ్రాములు, అర టీస్పూను నెయ్యి కలిపి పెడతాను. ఫోన్ యాప్‌లో వేస్తే 500 కేలరీలు, 18 గ్రాముల ప్రొటీన్ అని చూపిస్తోంది. ఈ లెక్క సరైనదేనా?
- ఒక తల్లి, అమలాపురం దగ్గర

జవాబు: సరైనది కాదమ్మా. మీరు తూచింది ఉడికిన అన్నం, ఉడికిన పప్పు. యాప్‌లో ఎంచుకున్నది మాత్రం పచ్చి బియ్యం, పచ్చి కందిపప్పు అయి ఉంటుంది. 90 గ్రాముల పచ్చి బియ్యానికి సుమారు 315 కేలరీలు, 50 గ్రాముల పచ్చి కందిపప్పుకు సుమారు 167 వస్తాయి. వాటికి నెయ్యి, కూర చేరిస్తే మీకు కనబడిన 500 వచ్చేస్తుంది. నిజానికి ఆ కంచంలో ఎక్కువ భాగం నీళ్లే.

యాప్‌లో 'ఉడికిన అన్నం' అని ఎంచుకున్నా లెక్క పూర్తిగా కుదరదు. పెద్దవాళ్ల పొడి అన్నం బియ్యానికి రెండున్నర నుంచి మూడు రెట్లు తూగుతుంది, పిల్లలకు మెత్తగా వండింది మూడున్నర రెట్లు దాటుతుంది. పాత బియ్యం కొత్తవాటికన్నా ఎక్కువ ఒదుగుతాయి. స్వర్ణ అయినా సన్నబియ్యం అయినా పచ్చిగా తూచినప్పుడు కేలరీల్లో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. తేడా అంతా అవి ఎన్ని నీళ్లు తాగాయన్న దగ్గరే వస్తుంది. అందుకని మీ ఇంటి లెక్క మీరే ఒకసారి కట్టుకోవాలి.

వంటింటి డిజిటల్ కాటా ఉంటే చాలు. ముందు ఖాళీ గిన్నె తూచి రాసుకోండి. 100 గ్రాముల బియ్యం ఎప్పుడూ పోసే నీళ్లతోనే వండి, ఆవిరి తగ్గాక గిన్నెతో సహా తూచి, గిన్నె బరువు తీసేయండి. 360 గ్రాములు వచ్చిందనుకుందాం. అప్పుడు పాప తినే 90 గ్రాముల్లో ఉన్నది 25 గ్రాముల బియ్యమే. దానికి సుమారు 87 కేలరీలు, 2 గ్రాముల ప్రొటీన్. పప్పుకూ ఇదే పద్ధతి. 50 గ్రాముల కందిపప్పు మెదిపాక 200 గ్రాములైతే, పాప వంతు 50 గ్రాముల్లో పన్నెండున్నర గ్రాముల పప్పు ఉంటుంది. అంటే 42 కేలరీలు, దాదాపు 2.7 గ్రాముల ప్రొటీన్. బీరకాయ ఇచ్చేది 5 కేలరీలే, కూరలోని నూనెతో కలిపితే 25 దాకా వేసుకోవచ్చు. అర టీస్పూను నెయ్యికి 20. మొత్తం సుమారు 175 కేలరీలు, 5 గ్రాముల ప్రొటీన్.

ముద్దపప్పుకు కట్టిన ఈ లెక్కను పప్పుచారుకు వాడకండి. చారు 50 గ్రాములు పోస్తే, అంతే ముద్దపప్పులో ఉండే పప్పులో సగం కూడా ఉండకపోవచ్చు.

ఇంకో పొరపాటు, కంచంలో పెట్టిందంతా తిన్నట్టు లెక్కేయడం. అన్నం, పప్పు బాగా కలిపాక కంచాన్ని పెట్టే ముందూ, తిన్నాకా తూచండి. నాలుగో వంతు మిగిలితే లెక్కలోనూ నాలుగో వంతు తీసేయండి.

11 కిలోల పాపకు రోజుకు కిలోకు 80 చొప్పున సుమారు 900 కేలరీలు, 11-12 గ్రాముల ప్రొటీన్ కావాలి. అన్నం, పప్పు మీదే నడిచే ఇంట్లో ప్రొటీన్ ఇంకొంచెం ఎక్కువుంటే మంచిది. ఈ ఒక్క పూటలోనే 5 గ్రాములు వచ్చాయి, మిగతా పూటలు, పాలు ఉండనే ఉన్నాయి. కాబట్టి ప్రొటీన్ పొడుల డబ్బాల జోలికి వెళ్లక్కర్లేదు. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం లోటును పప్పు పూడుస్తుంది కూడా. ఈ కంచంలో లోటు కేలరీలది. మధ్యాహ్న భోజనంలో 250 వరకు ఉంటే బాగుంటుంది.

కంచం పెంచితే చిన్న పొట్టలో పట్టదు, నీళ్లు తగ్గించండి. అన్నం 280 గ్రాముల దగ్గర దించితే అదే 90 గ్రాముల్లో 32 గ్రాముల బియ్యం ఉంటుంది, అంటే 25 కేలరీలు అదనం. నమలడానికి ఇబ్బంది లేకుండా చేత్తో మెదపండి. నెయ్యి అర టీస్పూను బదులు ఒక టీస్పూను వేస్తే మరో 20. ఉడికించిన గుడ్డులో సగం పెడితే 35 కేలరీలు, 3 గ్రాముల ప్రొటీన్. మొత్తం 255 అవుతుంది. గుడ్డు వద్దన్న రోజు ముల్లు జాగ్రత్తగా తీసిన కొరమీను ముక్క పెట్టొచ్చు. శాకాహారులైతే భోజనం అయ్యాక సగం చక్కెరకేళి ఇవ్వండి, కేలరీల లోటు తీరుతుంది. పాలు మాత్రం రోజుకు అర లీటరు దాటనివ్వకండి. దాటితే అన్నం మీద ఆకలి చచ్చిపోతుంది, ఐరన్ కూడా తగ్గుతుంది.

రోజూ తూచే పని లేదు. బియ్యం మారినప్పుడో, నీళ్ల కొలత మారినప్పుడో మళ్లీ తూస్తే సరిపోతుంది. అంగన్‌వాడీలో నెలనెలా బరువు చూపించి కార్డులో రాయించండి. ఈ వయసులో ఏడాదికి సుమారు 2 కిలోలు పెరగాలి. మూడు నెలలు వరుసగా బరువు కదలకపోయినా, విరేచనాలు తగ్గకపోయినా, పాప పాలిపోయినట్టు కనిపించినా పిల్లల డాక్టరుకు చూపించండి. వెళ్లేటప్పుడు మూడు రోజుల తిండి రాసిన కాగితం, ఆ కార్డు వెంట తీసుకెళ్లండి.