నేమ్‌ప్లేట్ ఫోటోలు చదివే పని: డిప్లొమా చదివినవాళ్లు చేరొచ్చా?

*సర్, మాది లావేరు మండలం. ఈ ఏడాదే డిప్లొమా ఈఈఈ పూర్తిచేశాను. పైడిభీమవరంలోని ఫ్యాక్టరీలకు అసెట్ రిజిస్టర్లు తయారుచేసే ఒక కాంట్రాక్టర్ పని ఇస్తానంటున్నారు. మోటార్ల నేమ్‌ప్లేట్ ఫోటోలు చూసి వోల్టేజి, కరెంటు, పవర్, సీరియల్ నంబరు ఎక్సెల్‌లో ఎక్కించాలట. "డేటా ఎంట్రీకి డిప్లొమా ఎందుకురా, వెళ్లకు" అంటున్నారు నాన్న. వచ్చే వారం ఫోటోలు ఇచ్చి చిన్న పరీక్ష పెడతారట. చేరమంటారా? పరీక్షకు ఎలా తయారవ్వాలి?*

చేరండి, కానీ ఫ్యాక్టరీ లోపలికి వెళ్లి ఫోటోలు తీసే పని కూడా మీకిస్తేనే. ఆఫీసులో కూర్చుని ఎవరో పంపిన ఫోటోలు టైపు చేయడమే పనైతే మీ నాన్నగారి అభ్యంతరంలో న్యాయముంది. కనిపించింది కనిపించినట్టు కొట్టేయడానికి డిప్లొమా అక్కర్లేదు. కనిపించిన అంకె నిజమా కాదా అని తేల్చడానికి మాత్రం మీ చదువు కావాలి. ఆ రిజిస్టర్‌ను చూసే రేపు ఎవరో ఓవర్‌లోడ్ రిలే సెట్ చేస్తారు. 14.2 ఆంపియర్లను మీరు 19.2 అని ఎక్కిస్తే మోటారుకు ఎక్కువ లోడు పడినా రిలే ట్రిప్ కాదు, వైండింగ్ కాలుతుంది.

పరీక్షలో ఇలాంటి ప్లేటు ఇస్తారనుకోండి. ఇది నేను ఉదాహరణ కోసం రాసింది, అంకెలు మాత్రం ఈ సైజు మోటారుకు మామూలుగా ఉండేవే.

```
3 PH INDUCTION MOTOR     IE2
FRAME 132M      CONN Δ
kW 7.5   HP 10   RPM 1455
V 415±10%   A 14.2   Hz 50±5%
P.F. 0.83   EFF 88.7%
BRG  DE 6308   NDE 6208
SL NO 0824E07
```

ప్లేటు మీద పంచ్ కొట్టిన అంకెల్లోకి పెయింటూ గ్రీజూ దిగిపోతాయి. ఫోటోలో 14.2లోని చుక్క మాయమై 142 లాగానో, 4 కాస్తా 9లా మారి 19.2 లాగానో కనిపిస్తుంది. ఎంత జూమ్ చేసినా తేలదు, లెక్క వేస్తే తేలుతుంది. ప్లేటు మీద అంకెలన్నీ ఒకదానికొకటి కట్టుబడి ఉంటాయి. మోటారు ప్లేటు మీది కిలోవాట్లు షాఫ్ట్ దగ్గర వచ్చే పవర్, సప్లై నుంచి తీసుకునే పవర్ కాదు. కాబట్టి మూడు ఫేజుల మోటారుకు వోల్టేజి, కరెంటు, పవర్ ఫ్యాక్టర్, ఎఫిషియెన్సీ నాలుగింటినీ రూట్ మూడుతో గుణించి, వెయ్యితో భాగిస్తే ప్లేటు మీది కిలోవాట్లే రావాలి. రిజిస్టర్‌లో ఒక కాలమ్ దీనికే పెట్టుకోండి. D వోల్టులు, E ఆంపియర్లు, F పవర్ ఫ్యాక్టర్, G ఎఫిషియెన్సీ అనుకుంటే:

```
=SQRT(3)*D2*E2*F2*G2/1000
```

ఎఫిషియెన్సీని 88.7 అని కాకుండా 0.887 అని ఎక్కించాలి. పై ప్లేటుకు 7.51 వస్తుంది, అంటే అంకెలు సరిపోయాయి. కరెంటు 19.2 అని చదివితే 10.2 కిలోవాట్లు, 142 అని చదివితే 75 కిలోవాట్లు వస్తాయి. రెండూ ప్లేటు మీది 7.5తో కుదరవు. రౌండింగ్ వల్ల రెండు మూడు శాతం తేడా వస్తే ఫర్వాలేదు. పది శాతం దాటితే ఏదో అంకె తప్పు చదివినట్టే అనుకుని మళ్లీ ఫోటో తెరవండి.

పాత మోటార్ల ప్లేట్ల మీద పవర్ ఫ్యాక్టర్, ఎఫిషియెన్సీ ఉండకపోవచ్చు. అప్పుడు 415 వోల్టుల మోటారుకు కిలోవాట్‌కు రెండు ఆంపియర్లకు కాస్త అటూ ఇటూ అని గుర్తుపెట్టుకోండి. ఒక కిలోవాట్ లోపు చిన్న మోటార్లకు అంతకంటే ఎక్కువ ఉంటుంది, పెద్దవాటికి కొంచెం తగ్గుతుంది. చుక్క పోయిన అంకెను పట్టుకోవడానికి ఈ లెక్క చాలు, 4కూ 5కూ తేడా తేల్చడానికి మాత్రం చాలదు. స్పీడును కూడా ఇలాగే చూడాలి. 50 హెర్ట్జ్ దగ్గర ఇండక్షన్ మోటారు స్పీడు మామూలుగా 3000, 1500, 1000, 750లలో ఏదో ఒకదానికి కొద్దిగా తక్కువే ఉంటుంది. 1455 కుదురుతుంది. 1555 అని కనిపిస్తే ఆ రెండో అంకె 4 అయ్యుంటుంది.

దిగుమతి చేసుకున్న యంత్రాల దగ్గర ఇంకో చిక్కు ఉంది. ప్లేటు మీద 400/690 వోల్టులు, డెల్టా/స్టార్, 14.7/8.5 ఆంపియర్లు అని జంటలుగా ఉంటాయి. కొత్తగా చేరినవాళ్లు మొదటి వోల్టేజీ, రెండో కరెంటూ కలిపి ఒక వరుసలో రాసేస్తుంటారు. తక్కువ వోల్టేజీకి ఎక్కువ కరెంటు, రెండు కరెంట్ల మధ్య నిష్పత్తి రూట్ మూడు. 14.7ను 1.732తో భాగిస్తే 8.5 వస్తుందో లేదో చూస్తే జంట సరిగ్గా పడిందని తెలుస్తుంది. కొన్ని ప్లేట్ల మీద 60 హెర్ట్జ్ వరుస వేరేగా ఉంటుంది. మన దగ్గర సప్లై 50 హెర్ట్జ్ కాబట్టి 50 హెర్ట్జ్ వరుస నుంచే తీసుకోండి. రిజిస్టర్‌లో ప్లేటు మీద ఉన్నది ఉన్నట్టు రాయడానికి ఒక కాలమ్, ఫ్యాక్టరీలో నిజంగా వాడుతున్న కనెక్షన్‌కు ఇంకో కాలమ్ ఉండాలి. హెచ్‌పీ, కిలోవాట్ల సంగతీ అంతే. ప్లేటు మీద హెచ్‌పీ ఒక్కటే ఉంటే అదే రాయండి, కిలోవాట్లకు మార్చింది పక్క కాలమ్‌లో పెట్టండి. జనరేటర్లు, ట్రాన్స్‌ఫార్మర్ల రేటింగ్ కేవీఏలో ఉంటుంది, దాన్ని కిలోవాట్ల కాలమ్‌లో పడేయకండి.

ఇక సీరియల్ నంబరు. నా ఉద్దేశంలో ఈ పనిలో అసలు కష్టం ఇక్కడే. కరెంటు తప్పు చదివితే లెక్క పట్టిస్తుంది, సీరియల్ నంబరును పట్టించేది ఏదీ ప్లేటు మీద ఉండదు. సున్నా, ఇంగ్లిష్ అక్షరం O ఒకలాగే కనిపిస్తాయి. 8కీ బీకీ, 5కూ ఎస్‌కూ, ఒకటికీ ఐకీ కూడా అదే గొడవ. అందుకే ఒకే ఫోటోను ఇద్దరు ఒకరి కాలమ్ ఒకరు చూడకుండా విడివిడిగా చదవాలి, తేడా వచ్చిన వరుసలు మాత్రం ఫోటోతో తిరిగి సరిచూడాలి. ఒక్కరే చేయాల్సివస్తే మర్నాడు రెండోసారి చదవండి. మొదటిసారి ఏం రాశారో చూడకుండా చదవడం ముఖ్యం. ఒకే కంపెనీ మోటార్లు నాలుగైదు చదివాక ఆ కంపెనీ నంబరు వేసే పద్ధతి తెలిసిపోతుంది. ఎన్ని అక్షరాలు, అంకెలు ఏ చోట ఉంటాయో చూసుకుంటే తేడాగా ఉన్నది కంటికి తగులుతుంది.

సరిగ్గా చదివినా ఎక్సెల్ పాడుచేయగలదు. పై ప్లేటు మీది 0824E07ను మామూలు సెల్‌లో కొడితే ఎక్సెల్ దాన్ని సంఖ్య అనుకుని 8.24E+09 చేసేస్తుంది. 00456 కొడితే ముందున్న సున్నాలు పోతాయి. పదిహేను అంకెలు దాటిన నంబరు కొడితే ఆ తర్వాతి అంకెలన్నీ సున్నాలవుతాయి. సీరియల్ కాలమ్‌ను ముందే `Text` ఫార్మాట్‌లో పెట్టాలి. కొట్టేశాక ఫార్మాట్ మార్చినా పోయిన అంకెలు తిరిగి రావు. పరీక్షలో ఫైలు తెరవగానే మీరు చేయాల్సిన మొదటి పని ఇదే.

ఏది సీరియల్ నంబరో గుర్తించడం కూడా తెలియాలి. ప్లేటు మీద `SL NO`, `S/N`, `M/C NO` అని ఉంటుంది. ఫ్రేమ్ సైజు 132M, బేరింగ్ నంబరు 6308 సీరియల్ నంబర్లు కావు. పైడిభీమవరం ఫార్మా యూనిట్లలో సాల్వెంట్లు వాడే చోట ఫ్లేమ్‌ప్రూఫ్ మోటార్లు ఉంటాయి. వాటి ప్లేటు మీద `Ex d` గుర్తు పక్కన సర్టిఫికెట్ నంబరు పొడుగ్గా, స్పష్టంగా కనిపించి, సీరియల్ కాలమ్‌లోకి వెళ్లిపోతుంది. అది ఆ మోడల్ మోటార్లన్నిటికీ ఒకటే అయ్యుండొచ్చు. సీరియల్ కాలమ్‌లో ఒకే నంబరు రెండు వరుసల్లో కనిపిస్తే ముందు ఈ తప్పే జరిగిందేమో చూడండి, తర్వాత ఒకే మోటారును రెండుసార్లు ఫోటో తీశారేమో చూడండి. పంపుకూ దాన్ని తిప్పే మోటారుకూ వేర్వేరు ప్లేట్లు, వేర్వేరు సీరియల్ నంబర్లు ఉంటాయి. పంపు ప్లేటు మీది కిలోవాట్లు మోటారువి కావు. రెండింటికీ రెండు వరుసలు రాసి, మోటారు వరుసలో అది ఏ పంపుకు చెందిందో ట్యాగ్ నంబరుతో రాయాలి.

చదవలేని అంకెను ఊహించి నింపకండి. ఇక్కడ రెండు ఖాళీలు వేరని పరీక్ష పెట్టేవాళ్లకు తెలిసేలా చేయండి: ప్లేటు మీద ఆ వివరం అసలు లేకపోతే `NOT ON PLATE`, ఉండి చదవడానికి రాకపోతే `UNREADABLE` అని రాయండి. రెండోదానికి మళ్లీ ఫోటో తీయాలి, మొదటిదానికి తీసినా ఉపయోగం లేదు. సీరియల్‌లో ఒక్క అక్షరమే అనుమానమైతే అక్కడ ప్రశ్న గుర్తు పెట్టి మిగతాది రాయండి.

ఫోటో మీరే తీస్తే ఈ అనుమానాల్లో చాలావరకు రావు. ఫ్లాష్ వేస్తే ప్లేటు మెరిసి అంకెలు తెల్లబడిపోతాయి. ఫ్లాష్ ఆపి, టార్చి లైటును ప్లేటుకు ఒక పక్క నుంచి ఏటవాలుగా పట్టిస్తే పంచ్ కొట్టిన అంకెల్లో నీడ పడి లోతు తెలుస్తుంది. గ్రీజు ఉంటే పొడి గుడ్డతో తుడవండి. పెయింటును కత్తితోనో ఎమరీ పేపరుతోనో గీకితే ఉన్న అంకెలు కూడా పోతాయి. తిరుగుతున్న కప్లింగ్ మీదుగా చేయి చాచి ఫోటో తీయకండి. ఒక్కో యంత్రానికి ముందు ట్యాగ్, తర్వాత యంత్రం మొత్తం, తర్వాత ప్లేటు, ఈ వరుసలోనే తీస్తే ఏ ప్లేటు ఏ యంత్రానిదో సాయంత్రం వెతుక్కోనక్కర్లేదు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

సాల్వెంట్ ఏరియాలోకి మామూలు ఫోనూ మామూలు టార్చీ తీసుకెళ్లకూడదు. అక్కడ ఏరియా ఇన్‌చార్జి రాతపూర్వక పర్మిట్ ఇవ్వాలి, అలాంటి చోట్లకు సర్టిఫై చేసిన పరికరాలే వాడాలి. కాంట్రాక్టర్‌ను మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ఆ ఏరియాల్లో ఫోటోలు ఎవరు, దేనితో తీస్తారు? "మీ ఫోనుతోనే, ఎవరూ చూడరులే" అన్న జవాబు వస్తే చేరకండి. రెండోది, చదవలేని ప్లేట్ల కోసం మళ్లీ సైటుకు పంపుతారా లేదా. మూడోది, జీతం వరుసల లెక్కన ఇస్తారా, నెలకు ఇస్తారా. వరుసల లెక్కనైతే `UNREADABLE` అని రాసిన వరుసకు కూడా డబ్బు ఇస్తారో లేదో తేల్చుకోండి. ఇవ్వకపోతే ఆ ఖాళీలను ఊహతో నింపమని ఒత్తిడి మొదలవుతుంది.

రిజిస్టర్ పూర్తయితే ఈ పని ఆ ఫ్యాక్టరీలో అయిపోయినట్టే, కాబట్టి దీన్ని శాశ్వత ఉద్యోగమని మీ నాన్నగారికి చెప్పకండి. అయితే ఫ్యాక్టరీలో ఏ మోటారు ఎక్కడుందో, దానికి ఏ బేరింగ్ పడుతుందో తెలిసిన డిప్లొమా కుర్రాడు మెయింటెనెన్స్ ప్లానింగ్ విభాగానికి పనికొస్తాడు. పని జరుగుతుండగానే అక్కడి మెయింటెనెన్స్ ఇంజనీరుకు మీ మొహం తెలిసేలా చూసుకోండి, ఖాళీలు వచ్చినప్పుడు దరఖాస్తు పెట్టండి. పరీక్షకు ఇంకా వారం ఉంది కదా, మీ ఊరి రైసుమిల్లు యజమానిని అడిగి అక్కడి మోటార్ల ప్లేట్లు ఫోటో తీసుకోండి. వాటిలో పాతవి, పెయింటు మెత్తినవి, రీవైండింగ్ షాపు వాళ్లు తమ ప్లేటు తగిలించినవి దొరుకుతాయి. ఒక ఇరవై ప్లేట్లు ఎక్కించి పైన చెప్పిన ఫార్ములా కాలమ్ నడిపి చూడండి, ఆ ఫైలునే పరీక్షకు తీసుకెళ్లి చూపించండి.