పేరు పేరునా అన్నావు, పేర్లేవి తల్లీ?

బరంపురం

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ రిజల్టు సంగతి అమ్మ ఫోన్లో చెప్పినప్పుడు పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూసుకోలేదు. చాలా సంతోషమైంది. ఆ సాయంత్రమే నువ్వు వాట్సాప్‌లో పంపించిన నాలుగు వాక్యాలు మూడుసార్లు చదివాను. "ఫేస్‌బుక్‌లో పెడదామనుకుంటున్నా పెద్దమ్మా, గొప్పలు చెప్పుకుంటున్నట్టుందా?" అని అడిగావు కదా. ఉంది. అయితే నీ మనసులో గొప్ప లేదని నాకు తెలుసు. అది వాక్యాల్లో దూరింది. ఎక్కడ దూరిందో చూపిస్తాను. ముప్ఫై ఏళ్లు పిల్లల వ్యాసాలు దిద్దిన చెయ్యి నాది, కొంచెం ఓపిగ్గా చదువు.

నువ్వు రాసింది ఇదీ: "ఎన్నో కష్టాలు, కన్నీళ్లు దాటుకుని ఈరోజు నేను ప్లస్ త్రీ సైన్స్ ఫస్ట్ క్లాసులో పూర్తి చేశానని తెలియజేయడానికి గర్విస్తున్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి అమ్మాయిని నేనే. నన్ను చూసి నవ్విన వాళ్లకి ఇదే నా సమాధానం. నా ఈ విజయానికి కారకులైన నా తల్లిదండ్రులకు, గురువులకు, స్నేహితులకు పేరు పేరునా ధన్యవాదాలు."

ముందు 'నేను', 'నా', 'నన్ను' ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు. నాలుగు వాక్యాల్లో ఆరు. మన తెలుగులో 'చదివాను' అంటే చాలు, చదివింది ఎవరో క్రియే చెప్పేస్తుంది. అక్కర్లేని చోట 'నేను' పెడితే అది గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పినట్టు ఉంటుంది. ఇంకో సౌకర్యం కూడా మన భాషలో ఉంది. 'ఫస్ట్ క్లాసు సాధించాను' అనకుండా 'ఫస్ట్ క్లాసు వచ్చింది' అనొచ్చు. అదే నిజం, అదే మార్కు, కానీ చదివేవాడి మీదికి దూసుకు రాదు. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు ఉద్యోగం 'వచ్చింది' అనే అంటారు, ఎంత కష్టపడి తెచ్చుకున్నా సరే.

ఇందులో ఒక ప్రమాదం ఉంది, అదీ చెప్పాలి. అన్నీ 'వచ్చింది', 'అయిపోయింది', 'అంతా దేవుడి దయ, నాదేం లేదు' అని రాస్తే అది వినయం కాదు, అబద్ధం. నువ్వు మూడేళ్లు తెల్లవారుజామున లేచి చదివావు. ఆ మాట ఒక్కసారి, ఒక్క వాక్యంలో, సూటిగా చెప్పు. కష్టపడి చదివానని చెప్పడం తప్పు కాదు. దాన్ని నాలుగు వాక్యాల్లో తిప్పి తిప్పి చెప్పడమే బాగోదు.

మూడో వాక్యం తీసెయ్యి, దాన్ని దిద్దడానికి లేదు. ఎవరు నవ్వారో, ఎందుకు నవ్వారో నాకు తెలుసు. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఆ ఒక్క ముక్క ఉంటే కింద నువ్వు చెప్పే ధన్యవాదాలు ఎవరికీ వినబడవు. చదివిన వాళ్లంతా ఎవరి గురించి రాసిందా అని వెతుక్కుంటారు. అమ్మకి చెప్పిన కృతజ్ఞత మీద ఒక్కరూ ఆగరు.

ఇక 'పేరు పేరునా'. ఈ మాట పెళ్లి పత్రికల్లోనూ సభల్లోనూ విని విని మనకి అలవాటైపోయింది. పేరు పేరునా అన్నావు, ఒక్క పేరైనా ఉందా బుజ్జీ? తల్లిదండ్రులు, గురువులు, స్నేహితులు అన్న మూడు మాటలు ఏ ఊళ్లో ఏ పిల్లకైనా సరిపోతాయి. అందుకే అవి నీవి కావు. 'విజయానికి కారకులైన', 'తెలియజేయడానికి గర్విస్తున్నాను' అన్నవీ అంతే. మీ అమ్మతో నువ్వు అలా మాట్లాడతావా? గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు తల్లీ మీ పర్లాకిమిడి. మాట్లాడే తెలుగులోనే రాయాలని ఆయన జీవితమంతా పోరాడారు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. ఆ ఊరి పిల్లవి, ఇంట్లో మాట్లాడినట్టే రాయి.

పేర్ల బదులు పనులు రాయి. ఒక్కొక్కరూ నీకోసం చేసిన ఒక్క పని, కంటికి కనబడేటట్టు. ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి. ఎందుకో నా సంగతి చెప్తాను, ఇది మీ అమ్మకి తప్ప ఎవరికీ పూర్తిగా తెలియదు.

నేను బి.ఎడ్. పూర్తి చేసి స్కూల్లో చేరినప్పుడు చిన్న సన్మానంలాంటిది చేశారు. మైకు ఇచ్చారు. నేను ఏడుస్తూ మాట్లాడాను. "మా అన్నయ్య పదో తరగతితో చదువు మానేసి, బియ్యం మిల్లులో బస్తాలు మోసి నన్ను చదివించాడు" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. మీ పెద్ద మావయ్య అత్తవారి తరఫు మనుషులు అక్కడే రెండో వరసలో కూర్చుని ఉన్నారు. మావయ్య లేచి బయటికి వెళ్లిపోయాడు. మూడు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. చివరికి ఒకరోజు అన్నాడు: "నీ చదువు పెద్దదని చూపించడానికి నా బతుకు చిన్నది చెయ్యాలా అమ్మా?"

నేను అన్నది అబద్ధం కాదు, ప్రేమతోనే అన్నాను. అయినా వాడి లోటుని పదిమంది ముందు పరిచాను. వాడు చేసిన మంచి పనిని చెప్పలేదు. ఫీజు కట్టాల్సిన రోజున నాకంటే ముందే వచ్చి లైన్లో నిలబడేవాడు, రసీదు నా చేతిలో పెట్టి వెళ్లిపోయేవాడు. అది చెప్పి ఉంటే వాడు తల ఎత్తుకుని కూర్చునేవాడు. అప్పటినుంచి ఎవరికి కృతజ్ఞత చెప్పినా, వాళ్ల దగ్గర లేనిది కాదు, వాళ్లు చేసినదే చెప్తాను.

అందుకని అమ్మ గాజులు తాకట్టు పెట్టిన సంగతి రాయకు. రాద్దామనుకున్నావని నాకు తెలుసు, మొన్న ఫోన్లో గొంతు జీరపోయినప్పుడే అర్థమైంది. 'మా అమ్మ ఏడో తరగతితో ఆగిపోయింది' అన్నదీ వద్దు. మీ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి అమ్మాయివి అన్నది నిజమే. కానీ ఆ మాట నువ్వు అంటే కొలబద్ద పట్టుకున్నట్టు ఉంటుంది, నాన్న అంటే ముచ్చటగా ఉంటుంది. ఆయనకి వదిలెయ్యి.

మరి అమ్మ గురించి ఏం రాయాలి? నువ్వే ఒకసారి నాతో అన్నావు, గుర్తుందా? పరీక్షల నెలలో అమ్మ రాత్రిళ్లు మిషను తొక్కడం మానేసిందని, చప్పుడుకి నీ చదువు పాడవుతుందని హుక్కులూ కాజాలూ చేత్తో కుట్టుకుందని. అది చాలు తల్లీ. అందులో బీదతనం లేదు, జాలి లేదు. చీకట్లో సూది పట్టుకున్న అమ్మ ఉంది.

దాన్నే మొదటి వాక్యం చెయ్యి. ఫోన్లో పైన రెండు మూడు వరసలే కనబడతాయి, మిగతాది వేలితో నొక్కితేగానీ రాదు. ఆ రెండు వరసల్లో నీ మార్కు ఉంటే ప్రకటన అవుతుంది, అమ్మ ఉంటే కృతజ్ఞత అవుతుంది. మార్కు తర్వాత రానీ. ఒక్కసారే చెప్పు, పర్సంటేజీ అక్కర్లేదు, అడిగినవాళ్లకి విడిగా చెప్పొచ్చు. 'ప్లస్ త్రీ' మన ఒడిశా మాట, పాతపట్నం అవతల ఆంధ్రాలో ఉన్న మన చుట్టాలకి అర్థం కాదు, మన డిగ్రీయేనని ఒక్క ముక్క కలుపు.

నేనైతే ఇలా రాస్తాను, నీ మాటల్లోకి మార్చుకో:

"పరీక్షల నెలలో మా అమ్మ రాత్రిపూట మిషను తొక్కేది కాదు. చప్పుడుకి నా చదువు చెడుతుందని హుక్కులూ కాజాలూ చేత్తో కుట్టుకునేది.

ప్లస్ త్రీ సైన్స్, అంటే మన డిగ్రీయే, పూర్తయింది. ఫస్ట్ క్లాసు వచ్చింది. మూడేళ్లు కష్టపడి చదివాను, చాలా సంతోషంగా ఉంది.

రెండో ఏడాది కెమిస్ట్రీ ల్యాబులో ఎన్నిసార్లు చేసినా నైట్రేటు టెస్టులో బ్రౌన్ రింగు వచ్చేది కాదు. ట్యూబు కదపకుండా, యాసిడ్ గోడ వెంట మెల్లగా ఎలా జార్చాలో చూపించడానికి మా సార్ గంట కొట్టాక కూడా ఉండిపోయారు. ఆ వారమంతా ఆలస్యమైతే, నాన్న సైకిలు పట్టుకుని గేటు దగ్గరే నిలబడ్డారు.

అమ్మా, ఇక రాత్రి ఎంతసేపైనా మిషను తొక్కుకో."

చూశావా, 'ధన్యవాదాలు' అన్న మాటే లేదు. కావాలంటే పెట్టుకో, లేకపోయినా అందరికీ అందుతుంది. 'నా' ఒక్కసారే వచ్చింది.

సార్ ఒడియా ఆయన కదా, తెలుగు చదవలేరు. ఆయన గురించి రాసిన రెండు వాక్యాలూ కింద ఒడియాలో మళ్లీ రాయి. చదవలేని భాషలో కృతజ్ఞత చెబితే అది ఆయనకి చెప్పినట్టు కాదు, ఆయన పేరు మీద మనవాళ్లకి చెప్పినట్టు. అయితే అంతకంటే ముందు కాలేజీకి వెళ్లి ఎదురుగా నిలబడి ఆ బ్రౌన్ రింగు సంగతి చెప్పు. ఆయనకి గుర్తుండకపోవచ్చు, మాస్టార్లకి అలాంటివి గుర్తుండవు. చెప్తే ఆయనకి ఎంత సంతోషమవుతుందో నాకు తెలుసు. పోస్టు చూసి ఎవరో చెబితే తెలుసుకోవడం వేరు.

బస్సులో నోట్సు ఇచ్చిన నీ స్నేహితురాలి పేరు మాత్రం ఇక్కడ రాయకు. ఆ పిల్లకి ఇంకా ఒక బ్యాక్ పేపరు ఉందన్నావు. నువ్వు మెచ్చుకుంటూ ట్యాగ్ చేస్తే, చూసిన ప్రతివాళ్లూ 'మరి నీదెప్పుడమ్మా' అని ఆమెనే అడుగుతారు. ఆమె ఇంటికి వెళ్లు. ఆ నోట్సు కట్ట తిరిగి ఇచ్చి, ఆ పేపరుకి నువ్వు పక్కన కూర్చుని చదివించు. ఆమె పాసైన రోజున ఇద్దరి ఫోటో పెట్టుకోండి.

ఫోటో అంటే గుర్తొచ్చింది. మార్కుల షీటు ఫోటో పెట్టకు. రోల్ నంబరు, రిజిస్ట్రేషన్ నంబరు అందరూ చూడక్కర్లేదు. పైగా మార్కుల షీటు పెడితే జనం దాన్నే చదువుతారు, నువ్వు రాసింది చదవరు. మిషను మీద అమ్మ చేతులు ఉన్న ఫోటో ఏదైనా ఉంటే బాగుంటుంది, అమ్మ ఒప్పుకుంటేనే.

కింద అభినందనలు వస్తాయి. 'అబ్బే, నాదేముంది' అని ఎవరికీ రాయకు. ప్రేమగా చెప్పిన మాటని తోసేసినట్టు ఉంటుంది. 'చాలా సంతోషం పిన్నీ', 'మీ ఆశీర్వాదం బాబాయ్' అని వరసపెట్టి పిలిచి రెండు ముక్కలు చాలు.

పెట్టే ముందు రాత్రి భోజనాలయ్యాక అమ్మకీ నాన్నకీ పైకి చదివి వినిపించు. వాళ్ల మొహాలు చూస్తూ చదువు. ఏ వాక్యం దగ్గర అమ్మ చూపు తిప్పుకుంటుందో ఆ వాక్యం ఎంత అందంగా ఉన్నా తీసెయ్యి. తర్వాత నాకు పంపించు, అచ్చుతప్పులు నేను చూస్తాను.

మీ పెద్దమ్మ