పార్కింగులో తగిలిన బండి: కొత్తగా రిపోర్టు రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన రిపోర్టు, ఫోటోలు అందాయి. నల్లగొండలో దేవరకొండ రోడ్డులోని ఫంక్షన్ హాలులో డీలర్ల మీటింగ్ అయ్యాక మీ కంపెనీ పికప్‌ను వెనక్కి తీస్తుంటే ఒక కారుకు తగిలింది, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. అంతవరకు బాగానే అర్థమైంది. ఆ తర్వాత ఇలా రాశావు: “మా వాహనం రివర్స్ చేస్తుండగా ఎడమవైపు నుంచి అతివేగంగా, నిర్లక్ష్యంగా వచ్చిన కారు ఢీకొట్టింది. పక్కన పెద్ద వాహనం అడ్డుగా ఉన్నందున కనిపించలేదు. మా డ్రైవర్ తప్పేమీ లేదు.”

ఈ మూడు వాక్యాలు హైదరాబాద్‌లో కూర్చున్న ఇన్సూరెన్స్ ఆఫీసరు చదువుతాడనుకో. నల్లగొండ ఎటుందో ఆయనకు తెలుసు గానీ ఆ హాలు పార్కింగ్ చూసి ఉండడు. ఎడమ అంటే ఎవరి ఎడమ? డ్రైవరుకా, కారులో ఉన్నాయనకా, గేటు దగ్గర నిలబడి చూసిన నీకా? పెద్ద వాహనం ఏ పక్కన ఉంది? కారు లోపలికి వస్తోందా, బయటికి పోతోందా? నీ కాగితంలో వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు. అయినా తప్పెవరిదో మాత్రం తేల్చేశావు.

ముందు స్థలం రాయి, తర్వాతే సంఘటన. స్థలం రాసేటప్పుడు నువ్వు ఒక్కచోటే నిలబడాలి. నేనైతే ఎప్పుడూ గేటులోనే నిలబడతాను, ఎందుకంటే చదివేవాడు ఎప్పుడైనా అక్కడికొస్తే గేటులో నుంచే రావాలి. దిక్కులు మనవాళ్లకు ఎలాగూ అలవాటే. ఊళ్లో ఇల్లు ఎక్కడని అడిగితే తూర్పు వాకిలి, పడమటి గోడ అనే చెబుతాం కదా. కుడి ఎడమలు మనిషి తిరిగితే మారిపోతాయి, దిక్కులు మారవు. బండి పక్కల గురించి రాయాల్సి వచ్చినప్పుడు డ్రైవర్ సైడు, క్లీనర్ సైడు అని రాయి. అవి బండిని పట్టుకునే ఉంటాయి, ముందుకు పోయినా వెనక్కి వచ్చినా అవే. ఇన్సూరెన్స్ వాళ్లకు పంపే కాపీలో మాత్రం “క్లీనర్ సైడు, అనగా డ్రైవర్ సీటులో కూర్చుని ముందుకు చూస్తే ఎడమవైపు” అని మొదటిసారి ఒకసారి వివరిస్తే సరిపోతుంది.

ఇంకో వరుస కూడా పాటించు. కదలనివి ముందు రాయి: గోడలు, గేటు, దారి, గళ్లు. తర్వాత ఆగి ఉన్న బండ్లు. కదిలినవి చివర. నీ ఫోటోలు చూసి, ఫోన్‌లో నువ్వు చెప్పింది విని, నేనైతే ఇలా రాసేవాణ్ణి:

“ఆవరణ గేటు తూర్పు గోడ మధ్యలో ఉంది. గేటులో నిలబడి లోపలికి చూస్తే ముఖం పడమరకు ఉంటుంది. గేటు నుంచి వంటశాల గోడ దాకా నేరుగా ఒకే దారి, వెడల్పు సుమారు 20 అడుగులు. దారికి దక్షిణాన కార్లు నిలిపే గళ్లు వరుసగా ఉన్నాయి. ఒక్కోటి సుమారు 8 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. దారికి ఉత్తరాన గోడ పొడుగునా బైకులు నిలిపి ఉన్నాయి, అవి దారిలో సుమారు 6 అడుగులు ఆక్రమించాయి. బండ్లు తిరగడానికి మిగిలింది సుమారు 14 అడుగులు. గేటు నుంచి లెక్కపెడితే మా పికప్ ఐదో గడిలో, ముందు భాగం దక్షిణపు గోడ వైపు ఉండేలా నిలిపి ఉంది. నాలుగో గడిలో టార్పాలిన్ కట్టిన డీసీఎం వ్యాను ఉంది. దాని వెనక భాగం గడి గీత దాటి దారిలోకి సుమారు 4 అడుగులు వచ్చింది. ఆరో గడి ఖాళీ.”

ఇందులో నువ్వు వదిలేసినవి రెండున్నాయి. ఒకటి బైకులు. తగిలిన బండ్లు కావు కదా అని నువ్వు వాటిని పట్టించుకోలేదు. కానీ 20 అడుగుల దారి 14 అడుగులైంది వాటివల్లే, కారు దక్షిణపు వరుసకు దగ్గరగా నడవాల్సి వచ్చింది అందుకే. రెండోది డీసీఎం ఎంత బయటికి వచ్చిందన్నది. “అడ్డుగా ఉంది” అంటే సాకులా వినిపిస్తుంది. నాలుగడుగులు అంటే కొలత, ఎవరైనా ఫోటోలో సరిచూసుకోవచ్చు. పికప్ ముఖం దక్షిణానికి ఉంది కాబట్టి దాని క్లీనర్ సైడు తూర్పున, అంటే గేటు వైపు ఉంది. డీసీఎం ఉన్నదీ అటే. మీ డ్రైవరు ఆ పక్క అద్దంలో చూస్తే చాలాసేపు టార్పాలిన్ తప్ప ఏమీ కనిపించి ఉండదు. ఇది నువ్వు వాదించనక్కర్లేదు, స్థలం సరిగ్గా రాస్తే చదివేవాడికే తోస్తుంది.

ఇప్పుడు సంఘటన. ఇక్కడ నీ వాక్యానికీ నీ ఫోటోలకీ పొంతన లేదు. కారు వచ్చి ఢీకొట్టింది అన్నావు. కారు ముందు బంపరు మీద గీత కూడా లేదు. సొట్ట పడింది కారు క్లీనర్ సైడు వెనక డోరుకు. అక్కడ మొదలైన గీత వెనక చక్రం వైపు సాగింది. పికప్‌కు పోయింది క్లీనర్ సైడు టెయిల్ ల్యాంపు, దాని పక్కనే కారు పెయింటు అంటుకుని ఉంది. దీన్నిబట్టి కారు ముందు సగం అప్పటికే పికప్ వెనక నుంచి దాటిపోయింది. దాటుతున్న కారు పక్క భాగానికి పికప్ మూల తగిలింది. గీత వెనక్కి సాగిందంటే ఆ క్షణంలో కారు పడమటికి కదులుతూనే ఉంది. ఆగి ఉంటే సొట్ట ఒకేచోట పడేది, అంత పొడుగు గీత ఉండేది కాదు. కారాయన “నేను బండి ఆపుకొనే ఉన్నా” అన్నాడని చెప్పావు. ఆయన మాటకూ ఫోటోకూ కుదరడం లేదు, మీ డ్రైవర్ మాటకూ కుదరడం లేదు. ఇద్దరి మాటలూ వాళ్లవిగానే, విడివిడిగా రాయి, నీ మాటల్లో కలపకు. మీవాడు “హారన్ కొట్టిన సార్, ఆయన ఆగలే” అన్నాడా? అలాగే, “డ్రైవర్ చెప్పిన ప్రకారం” అని ముందు పెట్టి, రాసుకో. హారన్ నువ్వు విన్నావా? వినలేదు కదా.

అతివేగం అన్న మాట తీసెయ్. గీత పొడుగును బట్టి వేగం చెప్పలేం. పికప్ ఎంత వేగంగా వెనక్కి వచ్చిందో, కారు ఎంత వేగంగా పోయిందో ఆ రెండూ కలిసే గీతను సాగదీస్తాయి. హాలు కెమెరాలో ఉంటే దాన్నిబట్టి ఏదైనా అనొచ్చు. కెమెరా రికార్డింగు కొద్ది రోజులకే చెరిగిపోయి కొత్తది దాని మీద పడుతుంది కాబట్టి, తేదీ, సమయం వేసి ఆ భాగం దాచిపెట్టమని హాలు మేనేజరుకు ఈరోజే కాగితం ఇచ్చి, కాపీ మీద సంతకం తీసుకో.

సంఘటన ఇలా రాయొచ్చు: “భోజనాల తర్వాత డ్రైవర్ పికప్‌ను గడిలోంచి వెనక్కి, అంటే ఉత్తరం వైపు తీశాడు. గేటు వైపు తిరగడానికి వెనక భాగాన్ని కొద్దిగా పడమరకు తిప్పాడు. వెనక అంచు గడి గీత దాటి సుమారు 6 అడుగులు వచ్చినప్పుడు, గేటు నుంచి పడమరకు వెళ్తున్న కారు క్లీనర్ సైడు వెనక డోరుకు పికప్ క్లీనర్ సైడు వెనక మూల తగిలింది. పగిలిన ల్యాంపు ముక్కలు అక్కడే నేల మీద ఉన్నాయి, ఫోటో జతచేశాం.” గంట, నిమిషం నువ్వే వేసుకో.

ఆ ఆరడుగులు నేను ఊహించింది కాదు. నీ మూడో ఫోటోలో ముక్కలు గీతకు ఎంత దూరంలో పడ్డాయో కనిపిస్తోంది. బండ్లు పక్కకు తీశాక తగిలిన చోటు చెప్పేవి అవే, హాలువాళ్లు ఊడ్చేస్తే అవీ ఉండవు. వాళ్లు ఊడ్చకముందే నువ్వు ఫోటో తీశావు, అది మాత్రం పెద్ద పని చేశావు. పోతే డోరు సొట్ట, ల్యాంపు నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో టేపుతో కొలిచి రెండూ రాయి. ఎత్తులు దగ్గరగా ఉంటే ఈ రెండూ ఒకదానికొకటి తగిలినవేనని నష్టం చూడటానికి ఇన్సూరెన్స్ తరఫున వచ్చే సర్వేయరుకు నమ్మకం కుదురుతుంది. లేకపోతే ఆ సొట్ట పాతదా అన్న అనుమానం వస్తుంది.

“మా డ్రైవర్ తప్పేమీ లేదు” అన్నది కొట్టెయ్. దానికి బదులు “తప్పు మాదే” అనీ రాయకు. మోటారు ఇన్సూరెన్స్ పాలసీ షరతుల్లో ఒకటుంది: కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా పాలసీదారు తప్పు ఒప్పుకోకూడదు, డబ్బు ఇస్తామని మాట ఇవ్వకూడదు, ఇవ్వకూడదు కూడా. అక్కడే నాలుగు వేలు చేతిలో పెట్టి పంపిద్దామని డ్రైవర్లు ఆలోచిస్తారు, జీతంలో కోత పడుతుందన్న భయం వాళ్లది. నాకు ఆ భయం అర్థమవుతుంది, కానీ ఆ డబ్బు రిపోర్టులోకి రాకపోతే తర్వాత అదే పెద్ద గొడవవుతుంది. మీవాడు ఏమైనా ఇచ్చాడేమో మెల్లగా, ఒంటరిగా ఉన్నప్పుడు అడుగు. ఇచ్చి ఉంటే ఎంత, ఎవరికి, ఎవరి ముందు అన్నది రాయాల్సిందే.

ఇన్సూరెన్స్ వాళ్లకూ, పోలీస్ స్టేషన్లోనూ అదే రోజు చెప్పేశామన్నావు, మంచిది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 134వ సెక్షను ఎదుటివాళ్ల ఆస్తికి నష్టం జరిగినా డ్రైవరు 24 గంటల లోపల దగ్గరి స్టేషన్లో తెలపాలంటుంది. మనిషికి దెబ్బ తగిలితేనే అనుకుంటారు చాలామంది. ఇన్సూరెన్సుకు ఇచ్చే కాగితంలో పాలసీ నంబరు, దాని గడువు, తేదీ, సమయం, చోటు, డ్రైవర్ పేరు, లైసెన్సు వివరాలు ఉండాలని కూడా ఆ సెక్షనే చెబుతుంది. నీ రిపోర్టులో లైసెన్సు వివరాలు లేవు. సర్వేయరు చూసేదాకా ల్యాంపు మార్చనివ్వకు. రాత్రి పూట బండి తిప్పాల్సి వస్తుందని మీ మేనేజరు తొందరపెడితే, అప్పటిదాకా వేరే బండి పంపమని చెప్పు.

కొత్త రిపోర్టు రాశాక నాకు పంపకు, నేను ఫోటోలు చూసేశాను కాబట్టి నేను పనికిరాను. ఆ రోజు హాలుకు రాని వాళ్లెవరికైనా, ఉదాహరణకు మీ అకౌంట్స్ సెక్షన్లో కూర్చునే అక్కకు, ఇచ్చి, చదివి ఒక తెల్లకాగితం మీద బొమ్మ గీయమను. డీసీఎంను పికప్‌కు పడమటి పక్కన గీస్తే నీ నాలుగో గడి, ఐదో గడి వాక్యం తిరగరాయాలి. కారు ముక్కు గేటు వైపు పెడితే “గేటు నుంచి పడమరకు” అన్నది ఆమెకు అందలేదు. ఆమె బొమ్మ సరిగ్గా వస్తే సంతకం చేసి పంపెయ్.

అడుగుల కొలతలన్నీ నేను ఫోటోల మీద అంచనా కట్టినవి. హాలులో పెళ్లి లేని రోజు చూసుకుని టేపు పట్టుకెళ్లి దారి, గడి, గేటు నుంచి ఐదో గడి దాకా దూరం కొలువు. అంకెలు తేడా వస్తే నావి కొట్టేసి నీవి వెయ్యి. బైకులు, డీసీఎం ఇప్పుడు అక్కడ ఉండవు కాబట్టి వాటికి మాత్రం “ఫోటో ప్రకారం సుమారు” అనే ఉంచు.

నీ అన్న