స్టార్ గుర్తున్న 500 నోటు మెసేజ్: సరిచూసే దారి

"నంబరు మధ్యలో స్టార్ గుర్తున్న 500 నోట్లు దొంగనోట్లట, బ్యాంకులు తీసుకోవట్లేదట. ఫ్యామిలీ గ్రూపులో పెట్టేముందు నిజమో కాదో ఎలా చూడాలండీ?"

పెట్టకండి, అది అబద్ధం. ఎలా తేల్చుకోవాలంటే, ముందు ఈ మాట నిజమైతే ఎవరు ప్రకటించాలో ఆలోచించండి. నోట్ల సంగతి చెప్పాల్సింది ఆర్‌బీఐ. కాబట్టి గూగుల్లో ఇలా కొట్టండి:

```
site:rbi.org.in star series banknotes
```

మొదటి ముక్క వల్ల ఆర్‌బీఐ సైటులోవి మాత్రమే వస్తాయి. యూట్యూబ్ థంబ్‌నెయిళ్ల గోల ఉండదు. 2023 జులై 27 నాటి ప్రకటన వెతికి చదవండి. వంద నోట్ల కట్టలో ముద్రణ చెడిపోయిన నోటు ఉంటే దాని బదులు పెట్టే నోటుకే అక్షరాలకూ అంకెలకూ మధ్య స్టార్ వేస్తారు, అదీ మామూలు నోటులాగే చెల్లుతుంది అని అందులో ఉంటుంది.

మెసేజ్‌లో టీవీ బ్రేకింగ్ న్యూస్ ఫొటో ఉన్నా నమ్మేయకండి. లోగో అతికించడం రెండు నిమిషాల పని. గూగుల్ లెన్స్‌లో ఆ ఫొటో పెడితే ఇంతకుముందు ఎక్కడెక్కడ వచ్చిందో తరచుగా దొరుకుతుంది. తేదీ లేకుండా "నిన్నటి నుంచి" అని ఉంటే మాత్రం పాతదేమోనని అనుమానించాల్సిందే. ఆ "నిన్న" ఏడాదంతా తిరుగుతుంది!

వాట్సాప్‌లో మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు కనిపిస్తే అది కనీసం ఐదు చేతులు మారిందని అర్థం, అంతే. దాన్నిబట్టి నిజమనీ చెప్పలేం, అబద్ధమనీ చెప్పలేం.

సైటులో ఏమీ దొరక్కపోతే, కేంద్ర ప్రభుత్వానికి సంబంధించిన విషయమైతే ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ నడిపే ఫ్యాక్ట్ చెక్ వాట్సాప్ నంబరు 8799711259కి పంపి, జవాబు వచ్చేదాకా ఆగండి.